నూరు కూపన్లు వాడారు సరే, కొత్తగా వచ్చిందెవరు?

పది రూపాయలు, నూట యాభై, రెండు వందలు. పోయిన సంక్రాంతి అమ్మకాలు ముగిశాక మా పిన్ని నోటుపుస్తకంలో తేలిన మూడు అంకెలివి. ఆత్రేయపురం పక్క ఊళ్ళో ఇంటి దగ్గరే పూతరేకులు, అరిసెలు, సున్నుండలు చేయించి కొరియర్‌లో పంపుతుంది పిన్ని. మొన్నటి పండక్కి మొదటిసారి మూడు దారుల్లో ప్రచారం చేసింది. దేనివల్ల ఎంత అమ్ముడైందో తెలియాలని దారికో కూపన్ కోడ్ పెట్టింది. మూడింటికీ పది శాతం తగ్గింపే.

ఫోన్లలో కనిపించే ప్రకటనలకు `GODARI10`. వాటికి 18,000 రూపాయలు ఖర్చయింది, 120 ఆర్డర్లు వచ్చాయి. వంటల వీడియోలు చేసే ఒక వ్లాగర్‌కు 12,000 ఇచ్చి వీడియో చేయించింది, దాని కోడ్ `ALLUDU10`, 60 ఆర్డర్లు. అంతకుముందు దీపావళికి వెళ్ళిన బాక్సుల్లో వెయ్యి రూపాయలతో అచ్చువేయించిన చీటీలు పెట్టింది, వాటి కోడ్ `BHOGI10`, 100 ఆర్డర్లు. అసలు కోడ్ లేకుండా వచ్చినవి 70. లెక్క తేలిగ్గా అందాలని నేను అంకెల్ని గుండ్రం చేశాను. చేరక వెనక్కి వచ్చినవి, క్యాష్ ఆన్ డెలివరీలో తీసుకోనన్నవి ముందే తీసేశాను. డబ్బు చేతికి రానిదాన్ని అమ్మకమని రాసుకుంటే తర్వాత చేసే ప్రతి భాగహారమూ తప్పుతుంది.

చీటీకి ఆర్డరుకు పది రూపాయలు, ప్రకటనకు నూట యాభై, వ్లాగర్‌కు రెండు వందలు. "ఇంక ఆ రెండూ మానేసి చీటీలే వేయిద్దాంరా" అంది పిన్ని. ఆ అంకెలు చూస్తే ఎవరైనా అలాగే అంటారు. కానీ వచ్చే ఏడాది ఆ మాట ప్రకారం నడిస్తే దుకాణం పెరగదు. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మొదట పిన్ని వదిలేసిన ఖర్చు ఒకటుంది. తగ్గింపు కూడా ప్రచారానికి పెట్టిన డబ్బే. ఆర్డరు సగటున వెయ్యి రూపాయలది. బియ్యం, బెల్లం, నెయ్యి, కూలి, అట్టపెట్టె, కొరియర్ అన్నీ పోగా 350 మిగులుతాయి. కోడ్ వాడితే అందులోంచి 100 వెళ్ళిపోతాయి. ఆ వంద ఎవరికీ చెక్కు రాసి ఇవ్వలేదు కాబట్టి ఖర్చులా కనిపించదు, అంతే తేడా. దాన్ని కలిపితే ప్రకటన ఆర్డరు 250కి, వ్లాగర్ ఆర్డరు 300కి, చీటీ ఆర్డరు 110కి పడ్డాయి. వరస మారలేదు గానీ చీటీ మరీ పది రూపాయల బేరం కాదని తేలింది.

అసలు చిక్కు ఆ ఆర్డర్లు ఎవరివి అన్నదాంట్లో ఉంది. కోడ్ వాడిన మనిషి ఆ కోడ్ చూసే కొనడానికి వచ్చాడని మనం అనుకుంటాం. కోడ్ చెప్పేది అది కాదు. డబ్బు కట్టేటప్పుడు అతని దగ్గర ఆ కోడ్ ఉందని మాత్రమే చెబుతుంది. ఏటా పిన్ని దగ్గరే అరిసెలు తెప్పించుకునే హైదరాబాదు కుటుంబానికి ఫ్యామిలీ గ్రూపులో ఎవరో `GODARI10` పంపారనుకోండి. వాళ్ళు దాన్ని కొట్టి వంద తగ్గించుకుంటారు. మన పుస్తకంలో అది ప్రకటన తెచ్చిన అమ్మకంగా పడుతుంది.

దీన్ని తేల్చడానికి పాత ఆర్డర్ల జాబితా, ఫోన్ నంబర్లు ఉంటే చాలు. మూడేళ్ళ ఆర్డర్లన్నీ ఒకే షీటులో తేదీ వరసన పెట్టాను. నంబర్లు ఒక్కొక్కటి ఒక్కోలా ఉన్నాయి, కొన్నిటికి ముందు +91, కొన్నిటికి సున్నా, కొన్నిటికి మధ్యలో ఖాళీ. ముందు వాటిని చివరి పది అంకెలకు కుదించాలి, ఆ తర్వాత ఒక్కో నంబరుకు ఇది ఎన్నో ఆర్డరో లెక్కపెట్టించాలి. నంబర్లు A వరసలో ఉంటే B, C వరసల్లో ఇవి రాసి కిందిదాకా లాగితే సరిపోతుంది:

```
B2: =RIGHT(SUBSTITUTE(A2," ",""),10)
C2: =COUNTIF($B$2:B2,B2)
```

C వరసలో 1 పడితే ఆ నంబరు కొత్తది, 2 అంతకంటే పైన పడితే పాతది. భర్త నంబరుతో ఒకసారి, భార్య నంబరుతో ఇంకోసారి ఆర్డరిచ్చిన ఇళ్ళు కొన్ని ఇద్దరు కొత్తవాళ్ళుగా పడతాయి. చిరునామా చూసి అలాంటివి చేత్తో దిద్దుకున్నాం.

అప్పుడు బొమ్మ మారింది. ప్రకటన కోడ్ మీద వచ్చిన 120 మందిలో 40 మంది పాతవాళ్ళే. వ్లాగర్ కోడ్ వాడిన 60 మందిలో 54 మంది కొత్తవాళ్ళు. చీటీ వాడిన నూరుగురిలో కొత్తవాళ్ళు ఎనిమిది మంది, వాళ్ళూ పాతవాళ్ళ బంధువులే. ఇప్పుడు తగ్గింపుతో సహా అయిన మొత్తాన్ని ఆర్డర్లతో కాక కొత్త మనుషులతో భాగిస్తే ప్రకటనకు ఒక్కొక్కరికి 375 రూపాయలు, వ్లాగర్‌కు 333, చీటీకి 1,375.

చీటీని ఇలా కొలవడం అన్యాయమే. పాత బాక్సులో పెట్టిన కాగితం పని కొత్తవాళ్ళను తేవడం కాదు, ఉన్నవాళ్ళను మళ్ళీ కొనిపించడం. దాన్ని కొలిచే తీరు వేరు, ఆ సంగతికి తర్వాత వస్తాను. ప్రకటన, వ్లాగర్ చేసేది మాత్రం ఒకే పని. పిన్ని పుస్తకంలో ఖరీదైనదిగా కనిపించిన వ్లాగరే నిజానికి చవక. పాతవాళ్ళు ఎలాగూ కొనేవాళ్ళేనని కఠినంగా అనుకుంటే, ప్రకటన తెచ్చిన 80 మంది కొత్తవాళ్ళ మీద మిగిలింది 28,000, పెట్టింది 30,000. పండగ నాటికి రెండు వేలు నష్టం. వ్లాగర్ మీద 900 లాభం.

కోడ్ లేకుండా వచ్చిన 70 ఆర్డర్లనూ వదలకూడదు. అందులో 45 కొత్త నంబర్లు. వీళ్ళలో వీడియో చూసి కోడ్ మరిచిపోయినవాళ్ళు, వాట్సాప్‌లో నేరుగా "రెండు బాక్సులు పంపండి" అన్నవాళ్ళు ఉంటారు. అంటే కోడ్ ఒకచోట ఎక్కువ చూపిస్తుంది, ఇంకోచోట తక్కువ చూపిస్తుంది. ఎక్కువ చూపించేది కోడ్ బయటికి పాకినప్పుడు. దాన్ని తేదీలు పట్టిస్తాయి. వీడియో వచ్చిన మొదటి మూడు రోజుల్లో ఆర్డర్లు ఎగసి తర్వాత తగ్గాలి. వారం తర్వాత ఉన్నట్టుండి ఒక రోజు అదే కోడ్ మీద మళ్ళీ పెరిగితే అది ఏదో గ్రూపులో తిరుగుతోందన్నమాట. తక్కువ చూపించే చోటికి మందు ఒక్క ప్రశ్న: "మా గురించి ఎక్కడ విన్నారండీ?" పోయినసారి పిన్ని అది అడగలేదు. ఆ 45 మంది ఎలా వచ్చారో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. అందుకే వాళ్ళను ఏ ప్రచారం ఖాతాలోనూ వేయలేదు.

మొదటి ఆర్డరు మీద లాభం రాకపోయినా ఫరవాలేదు, వాళ్ళు మళ్ళీ కొంటారు కదా అంటారు వ్యాపారం తెలిసినవాళ్ళు. కొంటేనే ఫరవాలేదు. మళ్ళీ కొన్నారా లేదా అన్నది అందరినీ కలిపి కాకుండా, ఏ దారిన వచ్చినవాళ్ళను ఆ దారిన వేరుగా పెట్టుకుని చూడాలి. మార్చి 30 ఉగాది నుంచి అక్టోబరు 20 దీపావళి దాకా చూశాం. ప్రకటన తెచ్చిన 80 మందిలో తిరిగి వచ్చింది 12 మంది. వ్లాగర్ తెచ్చిన 54 మందిలో 16 మంది. కోడ్ లేకుండా వచ్చిన 45 మందిలో 18 మంది. తిరిగి వచ్చినవాళ్ళు సగటున రెండేసి ఆర్డర్లిచ్చారు, తగ్గింపు లేకుండా.

తిరిగి వచ్చిన ఒక్కో మనిషి మీద 700 మిగిలిందన్నమాట. దాన్ని కలిపితే ప్రకటన నష్టంలోంచి బయటపడి 6,400 లాభంలోకి వచ్చింది. వ్లాగర్ 12,100కి చేరాడు, అదీ తక్కువ ఖర్చుతో, తక్కువ మందితో. తేడా ఎందుకొచ్చిందో నా ఊహ ఒకటుంది. ఆ వీడియో కింద వ్యాఖ్యలు రాసినవాళ్ళలో చాలామంది ఇక్కడ పుట్టి బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటున్నవాళ్ళు. వాళ్ళకు రేకు పలచనగా ఉందో లేదో తెలుసు, నెయ్యి వాసన తెలుసు. ప్రకటన మాత్రం "పది శాతం తగ్గింపు" అని పెద్ద అక్షరాల్లో చెప్పింది, ఆ మాటకు ఆగినవాళ్ళనే తెచ్చింది. ఇంత కొద్దిమంది మీద, ఒకే ఒక్క వ్లాగర్ మీద ఒట్టేసి చెప్పలేను. కానీ ఒకవైపు ఏడుగురిలో ఒకరు, ఇంకోవైపు ముగ్గురిలో ఒకరికి దగ్గరగా ఉన్నప్పుడు దాన్ని వదిలేయడమూ తప్పే.

తిరిగి రావడాన్ని లెక్కపెట్టేటప్పుడు మా దగ్గర ప్రత్యేకంగా మూడు చోట్ల కాలు జారింది. ఒకటి, కొనేది ఒకరు, అందుకునేది ఇంకొకరు. బెంగళూరు అబ్బాయి అమలాపురంలో ఉన్న అత్తగారింటికి పంపుతాడు, ఉగాదికి తన ఇంటికి తెప్పించుకుంటాడు. అందుకున్నవాళ్ళ నంబరుతో చూస్తే ఇద్దరు, డబ్బు కట్టినవాళ్ళ నంబరుతో చూస్తే ఒకడే తిరిగి వచ్చినట్టు. మేం కట్టినవాళ్ళ నంబరే తీసుకున్నాం. రెండోది సారె ఆర్డర్లు. ఆడపిల్లకు సారె పెట్టేవాళ్ళు ఒక్కసారే పదిహేను ఇరవై వేలవి తీసుకుంటారు. అలాంటివి నాలుగు కలిస్తే సగటు ఆర్డరు వెయ్యి కాస్తా పెరిగిపోయి ప్రచారం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఆ ఇంట్లో మళ్ళీ సారె ఎప్పుడో ఎవరు చెప్పగలరు? వాటిని వేరే పుటలో రాశాం, పై అంకెల్లో అవి లేవు.

మూడోది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఏడాదిలో మళ్ళీ కొన్నారా అంటే మామూలుగా 365 రోజులు లెక్కేస్తాం. కానీ పోయిన ఏడాది డిసెంబరు 25న ఆర్డరిచ్చినావిడ ఈసారి జనవరి 8న ఇస్తే అది 379వ రోజు. సంక్రాంతికి తప్ప మిఠాయి బయట కొనని ఇళ్ళు మన వైపు బోలెడు. ఏటా తప్పకుండా వచ్చే అలాంటి మనిషిని ఆ లెక్క "పోయింది" అని రాసేస్తుంది. అందుకే రోజులతో కాక పండగతో కొలవాలి, సంక్రాంతి నుంచి తర్వాతి సంక్రాంతి ఆర్డర్లు మూసేదాకా. ప్రకటన తెచ్చిన 80 మందిలో అలాంటివాళ్ళు ఎందరో జనవరిలోగానీ తేలదు. ఆ 12 అనే అంకె అప్పటికి పెరగవచ్చు.

తిరిగి వచ్చినవాళ్ళు తక్కువగా కనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది మన పక్క ఊరి పేరులోనే ఉంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు అందరికీ తెలుసు, దుకాణం పేరు ఎవరికీ గుర్తుండదు. పిన్ని రేకు నచ్చినావిడ మళ్ళీ ఫోన్లో ఊరి పేరు కొట్టి మొదట కనిపించిన దుకాణంలో కొనేస్తుంది. ఆమె దృష్టిలో ఆమె తిరిగి వచ్చినట్టే. పుస్తకంలో మాత్రం కాదు.

ఇప్పుడు చీటీ సంగతి. పాతవాళ్ళకు తగ్గింపు ఇస్తే వాళ్ళు ఎక్కువమంది కొన్నారా, లేక ఎలాగూ కొనేవాళ్ళకు వంద వదులుకున్నామా? సంక్రాంతి లెక్కలతో దీనికి జవాబు లేదు. ఎందుకంటే చీటీ అందనివాళ్ళు లేరు, పోల్చడానికి ఎవరూ మిగల్లేదు. అందుకని దీపావళికి వేరుగా చేశాం. పోయిన సంక్రాంతికి ముందునుంచీ జాబితాలో ఉన్న 400 మందిని నంబరు చివరి అంకె సరి, బేసి అని రెండు సగాలు చేశాం. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే మాటలతో వాట్సాప్ సందేశం. సరి అంకెవాళ్ళకు అందులో కోడ్ ఉంది, బేసివాళ్ళకు లేదు. కోడ్ ఆ నంబర్లకే పనిచేసేలా పెట్టాం, లేకపోతే రెండో రోజుకే అటు పాకేది.

కోడ్ ఇచ్చిన 200 మందిలో 50 మంది కొన్నారు, ఇవ్వని 200 మందిలో 42 మంది. పిన్ని సంతోషించింది, ఎనిమిది మంది ఎక్కువ కదా అని. కానీ యాభై మందీ తలో వంద తగ్గించుకున్నారు, ఒక్కొక్కరి మీద మిగిలింది 250. మొత్తం 12,500. కోడ్ ఇవ్వనివాళ్ళ మీద 42 సార్లు 350, అంటే 14,700. ఎనిమిది ఆర్డర్లు ఎక్కువ తెచ్చిన కోడ్ 2,200 పోగొట్టింది. ఇంత చిన్న గుంపుల్లో ఎనిమిది మంది తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు, కోడ్ ఆ ఎనిమిదినీ తెచ్చిందో లేదో కూడా చెప్పలేం. అయితే నిర్ణయానికి ఆ సందేహం అడ్డు రాదు. 350కి బదులు 250 మిగిలే చోట నష్టం రాకూడదంటే కొనేవాళ్ళు 42 నుంచి 59కి పెరగాలి. పదిశాతం తగ్గింపుకు పాత ఇళ్ళలో అమ్మకం నలభై శాతం పెరగాలన్నమాట. గుర్తుచేస్తూ పంపిన సందేశమే కొనేవాళ్ళను కొనిపిస్తోంది. ఈ సంక్రాంతికి పాతవాళ్ళకు తగ్గింపు లేదు. బాక్సులో రెండు సున్నుండలు అదనంగా వెళతాయి, పిన్నికి అవి ముప్పై రూపాయలు.

ప్రచారం ఖర్చులో ఎక్కడా కనిపించని పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. రేకు తీసేది నలుగురు ఆడవాళ్ళు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను దాని మీద పరిచి లాగుతారు. ఆ పనికి చెయ్యి తిరగాలి, పండగ ముందు కొత్త మనిషిని తెచ్చి కూర్చోబెడితే రాదు. జనవరి 5 నుంచి 10 దాకా వాళ్ళ చేతికి ఎంత వస్తుందో అంతే. ఆ ఆరు రోజుల్లో కోడ్ లేకుండా ఫోన్ చేసిన 40 మందికి పిన్ని "అయిపోయాయండీ" అని చెప్పింది. అదే ఆరు రోజులూ ప్రకటనలు నడుస్తూనే ఉన్నాయి. వాటి మీద వచ్చిన ఆర్డరుకు తగ్గింపు, ప్రకటన ఖర్చు పోగా వంద మిగులుతుంది. వెనక్కి పంపినదాని మీద 350 మిగిలేవి. నలభై సార్లు 250, పది వేల రూపాయలు. ప్రకటనల మీద ఏడాది పొడవునా వచ్చిన లాభం కంటే ఎక్కువ, ఒక్క వారంలో.

అందుకే ఈసారి ప్రచారం ధనుర్మాసం పట్టే డిసెంబరు 16న మొదలై జనవరి 4న ఆగిపోతుంది. ఆ తర్వాత వచ్చేవాళ్ళు కోడ్ లేకుండా వస్తారు. ప్రకటనలకు 12,000 మాత్రమే. పాత నంబర్ల జాబితాను ఎక్కించి వాళ్ళకు ప్రకటన చూపవద్దని పెట్టాం. ఒక కొత్త మనిషికి ఎంతదాకా పెట్టవచ్చో ముందే రాసుకున్నాం. ప్రకటన తెచ్చిన మనిషి మీద మొదటి ఆర్డరుకు 350, తిరిగి కొనడం మీద సగటున 105, మొత్తం 455 వస్తోంది. వ్లాగర్ తెచ్చిన మనిషి మీద 557. అంతా పెట్టేస్తే మిగిలేది లేదు. పైగా తిరిగి కొనే డబ్బు ఉగాదికి, శ్రావణానికి వస్తుంది, నెయ్యికీ బెల్లానికీ డిసెంబరులోనే కట్టాలి. అందుకని ప్రకటనకు 300, వ్లాగర్‌కు 400 దాటకూడదని గీత గీశాం.

ప్రకటనలోనూ ఈసారి తగ్గింపు లేదు, సున్నుండలే. దానివల్ల వచ్చేవాళ్ళు తగ్గవచ్చు, ఆ భయం నాకూ ఉంది. కాబట్టి ఒక చోట ఆగి చూస్తాం. మొదటి 4,000 ఖర్చయ్యేసరికి కనీసం 15 మంది కొత్త నంబర్లు రావాలి. సున్నుండలతో కలిపి అప్పుడే 300 లోపు ఉన్నట్టు. రాకపోతే మిగతా 8,000 ఖర్చు చేయం. వ్లాగర్లు ఇద్దరు, చెరో కోడ్, రెండు వీడియోల మధ్య వారం ఎడం. ఒకేరోజు పెడితే ఎవరి జనం ఎవరో తేదీలను బట్టి విడదీయలేం. మొదటి వ్లాగర్ కొత్తవాళ్ళు మళ్ళీ ముగ్గురిలో ఒకరు చొప్పున నిలబడితే నా ఊహ నిజం, లేకపోతే పోయిన ఏడాది అదృష్టం.

కనుమ వెళ్ళాక మిగిలిన పని ఒకటుంది. పండక్కి ఊరొచ్చినవాళ్ళు తిరిగి హైదరాబాదు వెళుతూ, రావులపాలెం వైపు తిరిగే ముందు ఆగి నాలుగు బాక్సులు కారులో పెట్టుకుంటారు. వాళ్ళ నంబర్లు పిన్ని దగ్గర ఉండవు. ఉగాదికి వాళ్ళే ఫోన్లో ఆర్డరిస్తే కొత్తవాళ్ళుగా పడతారు, ఆ ఘనత అప్పుడు నడుస్తున్న ఏ ప్రకటనకో పోతుంది. ఈసారి గల్లా దగ్గర నంబరు రాసుకోవడానికి ఒక పుస్తకం పెట్టాం. బాక్సులో వేయడానికి `KANUMA` అని, కింద దుకాణం పేరూ నంబరూ పెద్దగా ఉన్న 500 చీటీలు ప్రెస్సులో ఇచ్చాం, శనివారానికి వస్తాయన్నారు.